ఒక కుర్చీకి ఎంతమంది?

ఐసీయూలో నర్సు ఉండాల్సిన చోటు ఏ వేళా ఖాళీగా ఉండకూడదు. వెంటిలేటర్ అలారం మోగినా, రోగి బీపీ పడిపోయినా ముందు చూడాల్సింది ఆమే. రోజుకు మూడు షిఫ్టులు, షిఫ్టుకు ఒకరు, కాబట్టి ఆ చోటికి ముగ్గురు నర్సులను తీసుకుంటే సరిపోతుందని చాలా చిన్న ఆసుపత్రుల్లో అనుకుంటారు. కాగితం మీద అది నిజంలాగే కనిపిస్తుంది. ఆసుపత్రి తెరిచిన మొదటి వారంలోనే ఎవరికో ఒకరికి డబుల్ డ్యూటీ పడుతుంది. ఆర్నెల్లు గడిచేసరికి ముగ్గురిలో ఒకరు మానేస్తారు. యాజమాన్యం దాన్ని ఆ నర్సు ఓపిక లేనితనంగా చూస్తుంది కానీ, ఆమె వెళ్లిపోవడానికి కారణం మొదటి రోజు వేసిన లెక్కలోనే ఉంది.

ఆ లెక్క ఎలా వేయాలో ఒక్క కుర్చీని పట్టుకుని చివరిదాకా చూద్దాం. ఐసీయూ బదులు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని, అపార్టుమెంటు గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుని, ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గరి మనిషిని పెట్టినా పద్ధతి ఇదే. నేను నర్సును ఎంచుకున్నది, ఈ లెక్క తప్పితే ఆ తప్పు నేరుగా రోగి మంచం దాకా వెళ్తుంది కాబట్టి.

వారానికి 168 గంటలు. ముగ్గురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి 56 గంటలు వస్తాయి. అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున వారంలో ఏడు రోజులూ, ఏడాది పొడవునా పని. ఈ 56 అనే సంఖ్య చరిత్రలో ఒకచోట అధికారికంగా కనిపిస్తుంది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసుకున్న మొట్టమొదటి ఒప్పందం పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనిని నిర్దేశించింది. ఆపడానికి వీల్లేని ప్రక్రియలకు మాత్రం సగటున 56 గంటల దాకా మినహాయింపు ఇచ్చింది. మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు, వారపు సెలవు లేదు అన్నదాన్ని అంకెల్లో పెడితే సరిగ్గా అదే. బ్రిటిష్ ఇండియాకైతే అదే ఒప్పందం 60 గంటల వారాన్ని అనుమతించింది. పదిహేనేళ్లు తిరగకుండానే, 1934లో, గాజు పలకలు తయారుచేసే కార్ఖానాల కోసం అదే సంస్థ మరో ఒప్పందం తెచ్చింది. కొలిమి ఆరిపోకూడని పని అది. కనీసం నాలుగు షిఫ్టు బృందాలు ఉండాలని, సగటు వారానికి 42 గంటలు దాటకూడదని అందులో రాశారు. 168ని నాలుగుతో భాగిస్తే 42. ఆగని పనికి ముగ్గురు చాలరని తొంభై ఏళ్ల కిందటే తేలిన విషయం ఇది.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటల పరిమితినీ, వారానికి ఒక సెలవునూ ఖాయం చేసింది. అంటే ఒక మనిషి వారంలో ఆరు షిఫ్టులు ఇస్తాడు, కుర్చీ మాత్రం 21 షిఫ్టులు అడుగుతుంది. 21ని ఆరుతో భాగిస్తే మూడున్నర. ఎవరూ జబ్బుపడకపోయినా, ఎవరింట్లోనూ పెళ్లి జరగకపోయినా, కేవలం వీక్లీ ఆఫ్ ఇవ్వడానికే ముగ్గురి మీద అరమనిషి అదనంగా కావాలి. మన రైల్వేల్లో ఈ అరమనిషి పనికి ఒక పేరుంది, రెస్ట్ గివర్. ఒకరోజు ఒకరి చోట, మరుసటి రోజు ఇంకొకరి చోట పనిచేసి, వాళ్లకు విశ్రాంతి దినం దొరికేలా చూసే ఉద్యోగి. సెలవుల కోసం పెట్టుకునే మనుషులను అక్కడ విడిగా లీవ్ రిజర్వ్ అంటారు. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కగట్టడం చాలా తెలివైన పద్ధతి. వారపు సెలవు ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, దాన్ని చార్టులో రాసుకోవచ్చు. జ్వరం ఎప్పుడొస్తుందో తెలియదు. రెండింటినీ ఒకే ముద్దగా కలిపేస్తే, అదనంగా ఇచ్చిన మనిషి దేనికి ఖర్చయిపోతున్నాడో ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వెళ్దాం. ఒక జిల్లా కేంద్రంలో వంద పడకల ప్రైవేటు ఆసుపత్రి ఉందనుకుందాం. ఐసీయూలో ఒక నర్సు స్థానం, ఎనిమిది గంటల చొప్పున మూడు షిఫ్టులు. కుర్చీ ఏడాదికి అడిగేది 365 రోజులు, రోజుకు మూడు, మొత్తం 1,095 షిఫ్టులు. ఇది భాజ్యం. దీనిలో వాదనకు చోటులేదు.

ఒక నర్సు ఏడాదిలో నిజంగా ఎన్ని షిఫ్టులు ఇవ్వగలదన్నది భాజకం. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. 365 నుంచి వీక్లీ ఆఫ్‌లు 52 తీసేస్తే 313 మిగులుతాయి. ఈ ఆసుపత్రిలో ఆర్జిత సెలవులు 15, క్యాజువల్ లీవ్ 12, జాతీయ సెలవులూ పండుగలూ కలిపి 8 అనుకుందాం. పండుగ రోజున కుర్చీ మూతపడదు. ఆ రోజు డ్యూటీ చేసినవాళ్లకు బదులుగా మరో రోజు సెలవు ఇవ్వాలి, కాబట్టి ఆ ఎనిమిదీ తీసేయాల్సిందే. జబ్బు వల్ల సగటున 7 రోజులు, శిక్షణకు 3 రోజులు. అన్నీ కలిపి 45. ఒక నర్సు నుంచి కుర్చీకి వచ్చేది 268 షిఫ్టులు. 1,095ని 268తో భాగిస్తే 4.09.

ముగ్గురు కాదు, నలుగురూ ఇంకొంచెం.

ఈ దశలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. దాన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే బాగా చదువుకున్న మేనేజర్లు కూడా ఇందులో పడతారు. 365 రోజుల్లో ఈ నర్సు పనికి రాని రోజులు 97, అంటే 26.6 శాతం. కనుక ముగ్గురికి 26.6 శాతం కలిపితే చాలని లెక్కేస్తారు. అలా చేస్తే 3.80 వస్తుంది. అసలు జవాబు 4.09. ఈ తేడా ఎక్కడిదంటే, కొత్తగా తీసుకున్న మనిషి కూడా సెలవు పెడుతుంది, ఆమెకూ వీక్లీ ఆఫ్ ఉంటుంది. లేనివాళ్ల బదులు వచ్చినవాళ్లు కూడా నూటికి ఇరవై ఆరు రోజులకు పైగా ఉండరు. అందుకే శాతాన్ని కలపకూడదు, ఉన్న రోజుల వాటాతో భాగించాలి. మూడును 0.734తో భాగిస్తే 4.09 సరిగ్గా వస్తుంది. పాత పద్ధతిలో తీసుకున్న 3.80 మంది ఏడాదికి ఇచ్చేది 1,018 షిఫ్టులు. మిగతా 77 షిఫ్టులు ఏ చార్టులోనూ కనిపించని డబుల్ డ్యూటీలుగా మారతాయి.

ప్రభుత్వ ప్రమాణాల్లోని శాతాలను చూసినప్పుడు కూడా ఈ విషయం గుర్తుండాలి. కేంద్ర ప్రభుత్వంలోని స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1990ల ఆరంభంలో నర్సులకు ఇచ్చిన ప్రమాణాల్లో, ఏడాదంతా నడిచే విభాగాలకు 45 శాతం పోస్టులు అదనంగా కలపాలని ఉంది. నెలకు ఎనిమిది ఆఫ్‌లు, మూడు జాతీయ సెలవులు, 10 శాతం లీవ్ రిజర్వ్, అన్నీ అందులోనే. ఈ 45ను విడగొట్టి చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. నెలకు ఎనిమిది చొప్పున ఆఫ్‌లు 96. వాటిని తీసేస్తే 269 రోజులు. 365ని దాంతో భాగిస్తే 1.36 వస్తుంది. అంటే 36 శాతం ఆఫ్‌లకే పోయింది, మిగిలినది దాదాపు ఆ పది శాతమే. ఆర్జిత సెలవు, జబ్బు, ప్రసూతి సెలవు, అన్నీ ఆ పదిలోనే సర్దుకోవాలి. భాగహారం ద్వారా వచ్చిన అంకె కాబట్టి ఆఫ్‌ల వరకు ఇది సరైన లెక్కే. సెలవుల భాగం మాత్రం చాలా బిగుతుగా ఉంది. తమ దగ్గర సెలవులు ఎన్నో చూసుకోకుండా 45 శాతాన్ని ఎత్తుకొచ్చి పెట్టుకునే ఆసుపత్రి, ఎవరో ఎక్కడో చేసిన ఊహను తన గోడ మీద వేలాడదీసుకున్నట్టే.

మన లెక్కలో 45 రోజులు ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. నిబంధనల పుస్తకంలో ఉన్నది ఒకటి, జనం నిజంగా వాడేది మరొకటి. క్యాజువల్ లీవ్ పన్నెండుకు పన్నెండూ వాడేస్తారు. ఆర్జిత సెలవును కొందరు దాచుకుని డబ్బు తీసుకుంటారు. అందుకని గత రెండు మూడేళ్ల హాజరు పట్టీ తీసి, మనిషికి సగటున ఎన్ని రోజులు పోయాయో చూడటం మంచిది. జీతాల విభాగం ఇచ్చే లెక్క మాత్రం సరిపోదు. వాళ్లకు కావాల్సింది జీతం ఇచ్చిన సెలవులు. జీతం కోసేసిన రోజులు, లాస్ ఆఫ్ పే రోజులు, వాళ్ల దృష్టిలో ఖర్చు కాదు. కుర్చీకి మాత్రం జీతం ఇచ్చారా కోశారా అన్నది అనవసరం, ఆ రోజు మనిషి లేదు.

హాజరు పట్టీలో ఇంకో లోపం ఉంది, అది పైకి కనిపించదు. ఇన్నాళ్లూ ముగ్గురితోనే నెట్టుకొచ్చిన చోట, అడిగిన సెలవుల్లో సగం తిరస్కరించి ఉంటారు. జ్వరంతోనే డ్యూటీకి వచ్చి ఉంటారు. అలాంటి పట్టీని చూసి మా నర్సులు ఏడాదికి ఇరవై రోజులే సెలవు పెడతారని తేల్చేస్తే, కొరత తనను తానే సమర్థించుకున్నట్టవుతుంది. అందుకే తిరస్కరించిన సెలవు దరఖాస్తులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎంతోమందికి ఇవ్వాల్సిన కాంప్ ఆఫ్‌లు ఎన్ని పేరుకుపోయాయో చూడాలి. అవి ఆసుపత్రి నర్సులకు బాకీ ఉన్న రోజులు. ఏదో ఒకరోజు తీర్చాల్సిందే, లేదా ఆ నర్సు రాజీనామా చేసి వెళ్లేటప్పుడు ఆమెతో పాటు వెళ్లిపోతాయి.

రెండుసార్లు తీసేయడం కూడా జరుగుతుంది. ఒకామె పదిహేను రోజులు ఊరెళ్తే, ఆ పదిహేనులో రెండు వీక్లీ ఆఫ్‌లు ఎలాగూ ఉంటాయి. సెలవును క్యాలెండర్ రోజుల్లో కొలిచే చోట అందులోని ఆఫ్‌లను మినహాయించి డ్యూటీ రోజులనే తీసుకోవాలి. నేను పైన రాసిన 45 డ్యూటీ రోజులే. ప్రసూతి సెలవు విషయంలో ఈ తేడా పెద్దది. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అంటే 182 రోజులు. అందులో 26 వీక్లీ ఆఫ్‌లు పోగా కుర్చీ కోల్పోయేది 156 షిఫ్టులు. ఆ 156ను నలుగురి మీదా సగటు చేసి పరిచేయాలని చూడటం చిన్న బృందంలో పనికిరాదు. ఏడాది సగటు చిన్నదిగానే కనిపిస్తుంది, ఆ ఆర్నెల్లు మాత్రం కుర్చీకి ఒక మనిషి పూర్తిగా ఉండదు. ఒక్క కుర్చీ ఉన్న చోట ప్రసూతి సెలవుకు ముందే తెలిసిన తేదీతో తాత్కాలిక నియామకం చేసుకోవడమే సరైన దారి. నలభై మంది ఉన్న చోట సగటు నిజంగానే సగటులా ప్రవర్తిస్తుంది.

ఇక 4.09కి వద్దాం. మేనేజరు ఈ అంకెను చూసి ఊపిరి పీల్చుకుంటాడు. నర్సింగ్ సూపరింటెండెంటుతో మాట ఇలా సాగుతుంది.

"నలుగురిని తీసుకుందాం మేడమ్. ఆ పాయింట్ సున్నా తొమ్మిది ఎంతని? ఏడాదికి 23 షిఫ్టులు. నెలకు రెండు. ఓటీ ఇచ్చేద్దాం."

"ఏడాది లెక్కలో 23 సార్. వారం చార్టు రాసేది నేను కదా, ఒక్కసారి వారం లెక్కలో చూడండి."

ఆమె మాట ఎందుకు సరైనదో చూద్దాం. నలుగురూ డ్యూటీలో ఉన్న వారంలో ఒక్కొక్కరు ఆరు చొప్పున 24 షిఫ్టులు వస్తాయి. కుర్చీకి కావాల్సింది 21. మూడు మిగులుతాయి. నలుగురిలో ఒకరు వారంపాటు సెలవులో ఉంటే 18 వస్తాయి. మూడు తక్కువ. నలుగురి బృందానికి సరిగ్గా సరిపోయే వారమంటూ లేదు, ఎప్పుడూ మూడు ఎక్కువ లేదా మూడు తక్కువ. ఒక్కొక్కరు 45 రోజుల చొప్పున నలుగురు కలిసి 180 రోజులు లేకుండా పోతారు. వారానికి ఆరు డ్యూటీ రోజుల లెక్కన అది 30 వారాలు. ఒకరి తర్వాత ఒకరు, ఎప్పుడూ ఇద్దరు కలిసి వెళ్లకుండా సెలవులు పెట్టుకున్నా సరే, ఏడాదిలో 30 వారాలు మూడు చొప్పున 90 షిఫ్టులు తగ్గుతాయి. మిగతా 22 వారాలు మూడు చొప్పున 66 మిగులుతాయి. తొంభైలోంచి అరవై ఆరు తీసేస్తే 24, మన 23కి దగ్గరే. అంటే ఏడాది సగటు ఆ మిగులునూ ఈ కొరతనూ ఒకదానికొకటి సరిపెట్టేసింది. నిజ జీవితంలో అవి సరిపడవు. నిన్న ఖాళీగా వెళ్లిన బస్సు సీటు ఇవాళ నిలబడ్డ ప్రయాణికుడికి దొరకదు. జూన్ వారంలో మిగిలిన మూడు షిఫ్టులను దసరా వారానికి దాచిపెట్టలేం. అందుకే ఓటీ కింద వెతుక్కోవాల్సింది 23 కాదు, తొంభై. ఇద్దరు ఒకేసారి జ్వరంతో పడుకుంటే అంతకన్నా ఎక్కువ. డెంగీ కాలంలో నర్సులకూ జ్వరాలు వస్తాయి, అదే కాలంలో ఐసీయూ నిండిపోతుంది. ఒకే కారణం కుర్చీ మీద భారాన్ని పెంచుతూ మనుషులను తగ్గిస్తుంది.

నాకు ఈ మొత్తం విషయంలో ఎక్కువ విలువైనదిగా అనిపించేది ఇదే. ఏడాది సగటు ఎంతమందిని తీసుకోవాలో చెబుతుంది. ఆ మనుషులు సరిపోతున్నారా లేదా అన్నది వారం చార్టు మాత్రమే చెబుతుంది. రెండూ చూడకుండా సంతకం పెట్టకూడదు.

మిగులు వారాల్లోని మూడు షిఫ్టులను వృథా కాకుండా వాడుకునే మార్గం ఒకటుంది. శిక్షణలు, స్టాక్ తనిఖీలు, రికార్డుల పని ఆ వారాల్లో పెట్టుకోవచ్చు, పక్క వార్డుకు ఆ నర్సును పంపవచ్చు. అది నిజమైన ఉపశమనం. అది కొరత వారాలను మాత్రం పూడ్చదు.

ఇంకా ఒక లెక్క మిగిలింది, ఖాళీ పోస్టు. పైన చెప్పిన 268 రోజులు ఉద్యోగంలో ఉన్న నర్సు గురించి. నలుగురిలో ఏడాదికి ఒకరు మానేస్తారనుకుందాం. చిన్న ఆసుపత్రుల్లో ఇది అతిశయోక్తి కాదు. నర్సులు పెద్ద నగరాలకో, ప్రభుత్వ ఉద్యోగాలకో, విదేశాలకో వెళ్తూనే ఉంటారు. కొత్త మనిషి దొరకడానికి రెండు నెలలు, దొరికిన మనిషి ఐసీయూలో ఒంటరిగా డ్యూటీ చేయగలిగే స్థాయికి రావడానికి ఒక నెల. ఆ శిక్షణ నెలలో ఆమె చార్టులో పేరుగా ఉంటుంది, కుర్చీని మాత్రం ఆమె ఒక్కతే చూసుకోలేదు. మొత్తం మూడు నెలలు. నలుగురికి ఏడాదిలో 48 నెలలుంటాయి, అందులో మూడు అంటే 6.25 శాతం. కనుక ఒక్కో పోస్టు నుంచి 268 కాదు, సగటున 251 షిఫ్టులే వస్తాయి. 1,095ని 251తో భాగిస్తే 4.36.

మూడు షిఫ్టులకు ముగ్గురు అని మొదలుపెట్టిన ఆసుపత్రి చివరికి చేరాల్సిన సంఖ్య ఇది. వీక్లీ ఆఫ్ దాన్ని మూడున్నర చేసింది, సెలవులూ జబ్బులూ 4.09 చేశాయి, ఖాళీలు 4.36 చేశాయి. షిఫ్టు మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌ను ఇందులో కలపలేదు, ఆ అరగంటకు విడిగా డబ్బు ఇస్తున్నారనుకున్నాను. ఇవ్వకుండా ఎనిమిది గంటల్లోనే కలిపేస్తే, ఏడాదికి 1,095 అరగంటలు, అంటే సుమారు 547 గంటలు. ఒక నర్సు ఏడాదిలో ఇచ్చే 2,144 గంటల్లో పావు వంతు. ఐసీయూలో ఆ అరగంటను తగ్గించడానికి లేదు. ఏ మందు ఎప్పుడిచ్చారో, డ్రెయిన్‌లో ఎంత వచ్చిందో, ఏ అలారం గురించి డాక్టరుకు చెప్పారో ఆ అరగంటలోనే చేతులు మారతాయి.

షిఫ్టులు సమానంగా లేని చోట మనుషులను కాక గంటలను లెక్కపెట్టాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8 అనే పద్ధతి ఉంది. ఆరు, ఆరు, పన్నెండు. చార్టులో మూడు పేర్లే కనిపిస్తాయి, రాత్రి పేరు మాత్రం మిగతావాటికి రెట్టింపు బరువు. ఇలాంటి చోట ఏడాదికి 8,760 గంటలను ఒక్కొక్కరు ఇచ్చే గంటలతో భాగించాలి. గేటు దగ్గర పన్నెండేసి గంటలు చేసే ఇద్దరు గార్డుల సంగతీ అంతే. 168ని ఇద్దరికి పంచితే వారానికి 84 గంటలు. ఆ ఇద్దరికీ ఏడాది పొడవునా ఒక్క ఆఫ్ కూడా లేదని ఆ అంకే చెబుతోంది.

4.36 మందిని ఎవరూ ఉద్యోగంలోకి తీసుకోలేరు. ఒక్క కుర్చీయే ఉంటే, పక్కన పంచుకునే చోటు లేకుంటే, ఐదుగురు కావాలి. ఐదుగురితో వారానికి 30 షిఫ్టులు. ఒకరు లేకపోయినా 24 వస్తాయి, కుర్చీకి ఇబ్బంది లేదు. ఇద్దరు లేనప్పుడే మూడు తగ్గుతాయి. ఇది ఖరీదైన జవాబే. మన ఆసుపత్రిలో ఐసీయూకు రెండో నర్సు స్థానం ఉంటే పరిస్థితి మారిపోతుంది. రెండు కుర్చీలకు 4.36 చొప్పున 8.72. పైకి సరిచేస్తే తొమ్మిది. విడివిడిగా ఐదేసి మంది అయితే పది కావాలి. తొమ్మిది మంది వారానికి 54 షిఫ్టులు ఇస్తారు, కావాల్సింది 42. ఇద్దరు లేకపోయినా సరిగ్గా 42 మిగులుతాయి. సెలవులూ ఖాళీలూ కలిపి ఈ తొమ్మిదిలో ఏ వారమైనా సగటున ఇద్దరి కంటే కొంచెం తక్కువమందే లేకుండా ఉంటారు. అంటే మామూలు వారాలన్నీ ఓటీ లేకుండా గడుస్తాయి. ముగ్గురు ఒకేసారి లేనప్పుడు మాత్రమే బయటినుంచి సాయం కావాలి. పది కుర్చీలున్న పెద్ద ఐసీయూకు 44 మంది చాలు, యాభై అక్కర్లేదు. బృందం పెరిగేకొద్దీ ఒకరి సెలవు ఇంకొకరి రాకతో సర్దుబాటు అవుతుంది.

ఈ పొదుపుకు ఒక షరతు ఉంది. తొమ్మిది మందిలో ప్రతి ఒక్కరూ రెండు కుర్చీల్లో ఏదైనా చూడగలగాలి. ఒక స్థానం డయాలసిస్ రోగిది, ఇంకొకటి వెంటిలేటర్ రోగిది అయి, తొమ్మిదిలో నలుగురికే డయాలసిస్ మెషీన్ తెలిస్తే, ఆ కుర్చీకి ఉన్నది నలుగురే. లెక్క మళ్లీ మూడు ఎక్కువ, మూడు తక్కువ దగ్గరికి వచ్చేస్తుంది. కొత్త కొలువు ఇవ్వకుండానే మిగతా ఐదుగురికి ఆ మెషీన్ నేర్పించడం చౌకైన పరిష్కారం. జనరల్ వార్డు నుంచి ఐసీయూకు రిలీవర్‌ను పంపే ఆసుపత్రులు కూడా ముందు అడగాల్సింది ఇదే, ఆ రిలీవర్ ఐసీయూలో ఒంటరిగా రాత్రి గడపగలదా అని. గడపలేకపోతే ఆమె పేరును భాజకంలో కలపకూడదు.

లెక్క సరిగా వేశారో లేదో తెలుసుకోవడానికి చార్టునే చూడాలి. అది కొన్ని గుర్తులు స్పష్టంగా చూపిస్తుంది. నెలలో ఎన్ని డబుల్ డ్యూటీలు పడ్డాయో, అవి అందరి మీదా పడ్డాయా లేక ఇద్దరి మీదేనా అన్నది మొదటిది. సాధారణంగా అవి దూరం వెళ్లాల్సిన అవసరం లేనివాళ్లు, హాస్టల్లో ఉండేవాళ్లు, పెళ్లికానివాళ్ల మీద పడతాయి. రెండోది, చార్టు రాసిన తర్వాత ఎన్ని కొట్టివేతలు జరిగాయన్నది. ముందురోజు సాయంత్రం పేర్లు మారే చార్టు ఉన్నచోట లీవ్ రిజర్వ్ లేదనే అర్థం. మూడోది, డబుల్ డ్యూటీ చేసిన వారం తర్వాతి వారంలో జబ్బు సెలవులు పెరుగుతున్నాయా అన్నది. పెరుగుతుంటే కొరత మరింత కొరతను పుట్టిస్తోంది. అప్పుడు భాజకంలో పెట్టుకున్న ఏడు రోజుల జబ్బు సెలవు ఇక ఏడుగా ఉండదు, లెక్కను కొత్త అంకెతో మళ్లీ వేయాలి.

మేనేజరు సాధారణంగా చివర అడిగేది ఖర్చు గురించే. ఐదో మనిషి ఏడాది జీతం ఒకవైపు, తొంభై ఓటీ షిఫ్టులు మరోవైపు పెట్టి పోల్చాలని చూస్తాడు. ఫ్యాక్టరీల చట్టం ఓటీకి రెట్టింపు వేతనం ఇమ్మంది. చాలా ఆసుపత్రులు మామూలు రేటే ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. రెట్టింపుతో లెక్కేస్తే తొంభై ఓటీలు 180 షిఫ్టుల జీతం. ఒక నర్సు ఏడాదికి ఇచ్చే 268లో అది మూడింట రెండు వంతులు. మిగతా మూడో వంతు ఖర్చుతో ఐదో మనిషి ఉంటుంది, ప్రతి వారమూ వీక్లీ ఆఫ్ దొరుకుతుంది, ఒకరు మానేసినా ఆర్నెల్లు ముగ్గురితో నెట్టుకురావాల్సిన పని లేదు. రెండో కుర్చీ ఉన్న చోట అయితే ఆ ఐదో మనిషి ఖర్చును ఇద్దరూ పంచుకుంటారు. ఈ పోలికను మేనేజరు ముందు పెట్టేటప్పుడు సూపరింటెండెంటు గత ఏడాది డబుల్ డ్యూటీల సంఖ్యను, తిరస్కరించిన సెలవుల సంఖ్యను, మానేసినవాళ్ల బదులు కొత్తవాళ్లు ఎన్ని రోజులకు వచ్చారన్నదాన్ని మూడు అంకెలుగా రాసి తీసుకెళ్లాలి. 268, 251, 4.36 లాంటి మన ఊహలను ఆ మూడు అంకెలతో మార్చుకుంటే అది ఆ ఆసుపత్రి సొంత లెక్క అవుతుంది.